హవాయి క్రియోల్ వ్యాకరణం ఎవరు కట్టారు?

ఒకరి భాష మరొకరికి తెలియని మనుషులు బలవంతంగానో, బతుకుదెరువు కోసమో ఒకేచోట చేరినప్పుడు, పని జరగడానికి సరిపడేంత ఒక అరకొర మాట పుడుతుంది. దానిని పిడ్జిన్ అంటారు. పిడ్జిన్‌లో పదాలు కొన్నే ఉంటాయి. కాలాన్ని, ఉద్దేశాన్ని, నిరంతరతను తెలిపే స్థిరమైన గుర్తులు ఉండవు. ఎవరికి వారు తమ సొంత భాష అలవాటులోనే పదాలను పేర్చుకుంటారు. అది ఎవరి మాతృభాషా కాదు. అదే మాట తరువాతి కాలంలో ఒక సమాజానికి సొంత భాషగా మారి, మరే భాషలోనైనా చెప్పగలిగినదంతా చెప్పగలిగే స్థితికి చేరితే దానిని క్రియోల్ అంటారు. ఇంతవరకు పండితుల మధ్య పెద్ద తగాదా లేదు. తగాదా అంతా ఈ రెండింటి మధ్య జరిగిన మార్పు గురించే. పిడ్జిన్‌లో లేని వ్యాకరణం క్రియోల్‌లోకి ఎక్కడి నుంచి వచ్చింది? పిల్లల మెదడులో పుట్టుకతో ఉన్న భాషాశక్తి నుంచా, కూలీలు వెంట తెచ్చుకున్న మాతృభాషల నుంచా, లేక యజమానుల భాష వాడుక రూపాల నుంచా?

ఈ ప్రశ్న మీద గత నలభై అయిదేళ్లుగా సాగిన వాదాన్ని అర్థం చేసుకోవడానికి హవాయి దీవుల ఉదాహరణ మిగతా వాటికన్నా ఎక్కువ పనికి వస్తుంది. హైతీ, జమైకా వంటి కరీబియన్ దీవుల్లో క్రియోల్ భాషలు 17, 18 శతాబ్దాలలో ఏర్పడ్డాయి. వాటి తొలి దశను విన్నవారు లేరు, రాసిపెట్టినవారు చాలా తక్కువ. హవాయిలో ఆ పరిణామం 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో జరిగింది. కూలీలు ఏ ఏడు ఎక్కడి నుంచి వచ్చారో లెక్కలున్నాయి, పత్రికలున్నాయి, కోర్టు వాంగ్మూలాలున్నాయి. పైగా ఆ కాలంలో వచ్చినవారిలో కొందరు 1970ల వరకు బతికే ఉన్నారు. క్రియోల్ పుట్టుక గురించిన అత్యంత సాహసోపేతమైన సిద్ధాంతం ఈ దీవుల మీదనే నిలబడింది, ఈ దీవుల ఆధారాల వల్లనే బీటలు వారింది.

ఆ సిద్ధాంతకర్త డెరెక్ బికర్టన్. హవాయి విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆయన 1970లలో, యువకులుగా ఉన్నప్పుడు వలస వచ్చి అప్పటికి ముసలివారైన జపనీయుల, ఫిలిప్పీన్స్ వారి మాటలను రికార్డు చేశారు. వారి ఇంగ్లీషు పిడ్జిన్ ఎంత అస్తవ్యస్తంగా ఉందో ఆ రికార్డుల్లో కనబడుతుంది. ఒక జపనీయుడు 'మీ కాపే బై, మీ చెక్ మేక్' అన్నాడు. అతను నా కాఫీ కొని నాకు చెక్కు రాసి ఇచ్చాడని దాని అర్థం. కొన్నవాడెవరో, రాసినవాడెవరో వాక్యంలో లేదు. క్రియ మాత్రం జపనీస్‌లో లాగా, తెలుగులో లాగా, చివరికి వెళ్లింది. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన మరొకరు 'వొక్ హాడ్ దిస్ పీపుల్' అన్నాడు. ఈ మనుషులు కష్టపడి పనిచేస్తారని చెప్పడానికి అతను తన భాషలోని తీరునే క్రియను ముందు పెట్టాడు. అంటే పిడ్జిన్‌లో పదాల వరుస గురించి కూడా అందరికీ ఉమ్మడిగా ఒక ఒప్పందం లేదు.

అదే దీవుల్లో పుట్టి పెరిగినవారి మాట దీనికి పూర్తిగా భిన్నంగా ఉంది. తల్లిదండ్రులు జపాన్ వారైనా, పోర్చుగీసు వారైనా, చైనీయులైనా పిల్లలందరూ ఒకే వ్యాకరణంతో మాట్లాడారు. క్రియ స్థానం కుదురుకుంది. క్రియకు ముందు జరిగిన కాలానికి 'బిన్', జరగబోయే దానికి 'గో', జరుగుతూ ఉన్నదానికి 'స్టే' అనే గుర్తులు ఒక క్రమంలో వచ్చి చేరాయి. 'గెట్ వన్ వహీనె షి గెట్ వన్ డాటర్' అంటే ఒక స్త్రీ ఉంది, ఆమెకు ఒక కూతురు ఉందని అర్థం. ఉనికికీ, స్వాధీనానికీ రెండింటికీ ఒకే 'గెట్' సరిపోతుంది.

బికర్టన్ తర్కం ఇక్కడి నుంచి మొదలవుతుంది. పిల్లలు తమ చుట్టూ విన్నది ఆ అస్తవ్యస్తమైన పిడ్జిన్ మాత్రమే అయితే, వారు మాట్లాడిన వ్యాకరణానికి నమూనా ఎక్కడా లేదు. లేనిదాన్ని నేర్చుకోలేరు కాబట్టి సృష్టించి ఉండాలి. పైగా హవాయితో ఏ చారిత్రక సంబంధమూ లేని గయానా, హైతీ, సురినామ్ క్రియోల్ భాషల్లో కూడా క్రియకు ముందు కాలం, ఉద్దేశం, నిరంతరత అనే మూడు గుర్తులు అదే వరుసలో వస్తాయి. వేర్వేరు చోట్ల, వేర్వేరు మనుషులు, వేర్వేరు భాషల మిశ్రమం నుంచి ఒకే వ్యాకరణానికి చేరుకున్నారంటే, ఆ నమూనా మనిషి జీవరచనలోనే ఉండాలి. దీనికే ఆయన 'బయోప్రోగ్రామ్' అని పేరు పెట్టారు. 1981లో వచ్చిన పుస్తకంలోనూ, 1984లో వచ్చిన దీర్ఘ వ్యాసంలోనూ దీనిని విస్తరించారు. మామూలు పిల్లలు తల్లిదండ్రుల భాష విని ఆ జన్మసిద్ధ నమూనాను దాని కింద కప్పేస్తారు. పిడ్జిన్ మధ్య పెరిగిన పిల్లలకు కప్పడానికి ఏమీ లేకపోవడం వల్ల అది నేరుగా బయటపడింది. ఇదీ ఆ వాదం.

ఈ సిద్ధాంతం తనకు తానే గట్టి షరతులు పెట్టుకుందన్న మాట గుర్తుంచుకోవాలి. నిజమైన క్రియోల్ అని బికర్టన్ అంగీకరించాలంటే, దానికి ముందున్న పిడ్జిన్ ఒక తరం కన్నా ఎక్కువ కాలం నడిచి ఉండకూడదు. ఆ జనాభాలో ఆధిపత్య భాష మాతృభాషగా ఉన్నవారు 20 శాతానికి మించకూడదు. మిగిలిన 80 శాతం మంది వేర్వేరు భాషల వారై ఉండాలి. ఈ షరతులు ఆయన మేలు కోసమే. పిడ్జిన్ ఎక్కువ కాలం నడిస్తే పెద్దలే దానిలో వ్యాకరణం పెంచేసుకునే అవకాశం ఉంది, అప్పుడు పిల్లల పాత్రను విడదీసి చూపలేం. ఆయన ఒక దశలో, ఉమ్మడి భాష లేని కొన్ని కుటుంబాలను నిర్జన దీవిలో ఉంచి పిల్లలు ఏ భాష సృష్టిస్తారో చూడాలని కూడా ప్రతిపాదించారు. అది జరగలేదు, జరగకపోవడమే మంచిదయింది. ప్రయోగం కుదరనప్పుడు, చరిత్రలో ఇంచుమించు అలాంటి పరిస్థితి ఏర్పడిన చోటు హవాయి ఒక్కటే అని ఆయన నమ్మకం. కాబట్టి హవాయిలో ఆ షరతులు నిజంగా నెరవేరాయా లేదా అన్నది చిన్న ప్రశ్న కాదు.

నెరవేరలేదనే ఇప్పుడు చాలామంది అంచనా. దానికి మొదటి కారణం కాలక్రమం. హవాయిలో నిలదొక్కుకున్న మొదటి చెరకు తోట 1835లో కౌవాయి దీవి మీద మొదలైంది. తొలి దశలో పనిచేసినవారు ప్రధానంగా హవాయి స్థానికులే. 1852 నుంచి చైనా కూలీలు, 1878 నుంచి మడైరా, అజోర్స్ దీవుల పోర్చుగీసు వారు, 1885 నుంచి పెద్ద సంఖ్యలో జపనీయులు వచ్చారు. ఫిలిప్పీన్స్ నుంచి రాక 1906లో మొదలైంది. అమెరికాతో 1875లో కుదిరిన ఒప్పందం వల్ల చక్కెర సుంకం లేకుండా అక్కడికి వెళ్లడం మొదలైన తరువాతే కూలీల అవసరం ఒక్కసారిగా పెరిగింది. అంటే 1900కు ముందు కనీసం ఒక తరం పాటు ఈ తోటల్లో అనేక భాషల వారు కలిసి పనిచేశారు. అప్పటి ఉమ్మడి మాట ఏమిటన్న ప్రశ్నకు వచ్చిన సమాధానం ఆసక్తికరమైనది. తోటల్లో ఎక్కువ కాలం నడిచింది ఇంగ్లీషు పిడ్జిన్ కాదు, హవాయి భాష ఆధారంగా పుట్టిన పిడ్జిన్. ఈ సంగతిని బయటపెట్టినవారిలో బికర్టన్ కూడా ఒకరు కావడం గమనార్హం. 1890ల నాటికి హవాయి పిడ్జిన్ వెనక్కి తగ్గి, ఇంగ్లీషు పిడ్జిన్ ముందుకు వచ్చింది. 1893లో హవాయి రాణి పదవీచ్యుతి, 1896లో పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమాన్ని తప్పనిసరి చేసిన చట్టం, 1898లో అమెరికా విలీనం ఈ మార్పును వేగవంతం చేశాయి.

రెండో కారణం సాక్ష్యానికి సంబంధించినది. 1970లలో ఒక ముసలి కూలీ మాట్లాడిన పిడ్జిన్, 1910లో పిల్లలు విన్న పిడ్జిన్ ఒకటే అన్న ఊహ మీద బికర్టన్ వాదమంతా ఆధారపడింది. కానీ వలస వచ్చిన ఒక్కో మనిషి ఇంగ్లీషు ఎంత నేర్చుకున్నాడన్నది అతను ఎవరి మధ్య బతికాడన్న దానిపై ఉంటుంది. సొంత భాష వారి మధ్యనే జీవితమంతా గడిపిన మనిషి మాట, ముప్పై ఏళ్ల ముందు వచ్చి నాలుగు జాతుల వారితో కలిసిమెలిసి తిరిగిన మనిషి మాటకన్నా అరకొరగా ఉండవచ్చు. అత్యంత అస్తవ్యస్తమైన నమూనానే పిల్లల నమూనాగా తీసుకుంటే పిల్లల సృష్టి నిజానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. వాదంలోని ఈ లోపాన్ని తర్కంతో సరిచేయలేం. ఆనాటి మాటలు ఆనాటి కాగితాల్లోనే వెతకాలి.

ఆ పని చేసినవారు శారా రాబర్ట్స్. 1990ల నుంచి ఆమె పాత పత్రికలను, కోర్టు రికార్డుల్లో సాక్షులు అన్న మాటలను అన్నట్టుగా రాసుకున్న భాగాలను తవ్వి తీశారు. మాట్లాడినవారు దీవుల్లో పుట్టినవారా, వలస వచ్చినవారా అన్న వివరం దొరికినప్పుడల్లా దానిని జతచేశారు. ఆమె ఆధారాలు ఇరుపక్షాల్లో ఎవరికీ పూర్తిగా అనుకూలంగా లేవు. వాటి విలువ కూడా బహుశా అక్కడే ఉంది. ఒకవైపు, క్రియోల్‌కు ప్రత్యేకమైన వ్యాకరణ రూపాలు వలస వచ్చినవారి మాటల్లో చాలా అరుదుగానే కనబడ్డాయి, దీవుల్లో పుట్టినవారి మాటల్లో చాలా ఎక్కువగా కనబడ్డాయి. కాబట్టి కొత్త వ్యాకరణం ఇక్కడ పుట్టి పెరిగినవారి చేతిలోనే స్థిరపడింది. ఇది బికర్టన్‌కు అనుకూలమైన భాగం. మరోవైపు, అది ఒక్క తరంలో జరగలేదు. దీవుల్లో పుట్టిన మొదటి తరం వారు ఇంట్లో తల్లిదండ్రుల భాషే మాట్లాడారు. బడిలో, వీధిలో ఇతర జాతుల పిల్లలతో పిడ్జిన్ వాడారు. క్రియోల్‌ను ప్రధాన భాషగా పొందినది వారి తరువాతి తరం. ఆ రూపాలు ఒక్కొక్కటిగా 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో కుదురుకున్నాయి.

ఈ వివరం చిన్నదిగా కనబడవచ్చు కానీ, బయోప్రోగ్రామ్ వాదానికి ఇది గట్టి దెబ్బ. మొదటి తరం పిల్లలకు భాషే లేదన్న మాట నిజం కాదని తేలింది. వారికి చైనీస్ వచ్చు, పోర్చుగీస్ వచ్చు, హవాయి వచ్చు. పూర్తి వ్యాకరణం ఉన్న మాతృభాష నోట ఉన్న పిల్లవాడు పిడ్జిన్‌లో లేని దాన్ని చెప్పవలసి వచ్చినప్పుడు, జన్మసిద్ధమైన నమూనా దాకా వెళ్లనవసరం లేదు. ఇంట్లో విన్న భాషలోని పద్ధతిని పిడ్జిన్ పదాలతో చెబితే సరిపోతుంది. అలా జరిగిందా?

జరిగిందని వాదించినవారు జెఫ్ సీగల్. 2000లోనూ, ఆ తరువాత 2007లోనూ వచ్చిన వ్యాసాల్లో ఆయన హవాయి క్రియోల్ రూపాలను ఒక్కొక్కటిగా తీసుకుని చైనా కాంటొనీస్‌తో, పోర్చుగీసుతో పోల్చారు. వాటిలో 'స్టే' కథ ఒక్కటి వివరంగా చూస్తే వాదం ఎలా నడుస్తుందో తెలుస్తుంది.

హవాయి క్రియోల్‌లో 'స్టే'కు మూడు ముఖ్యమైన పనులున్నాయి. ఒక వస్తువు ఎక్కడుందో చెప్పడానికి అది కావాలి: పుస్తకం బల్ల మీద ఉందనడానికి 'స్టే' వాడతారు. పని జరుగుతూ ఉందనడానికి అదే కావాలి: 'హీ స్టే ఈట్' అంటే అతను తింటున్నాడని. మూడోది, తాత్కాలికమైన స్థితిని చెప్పడానికి కూడా అదే వస్తుంది. పాపకు ఒంట్లో బాగాలేదనడానికి 'స్టే' చేర్చవచ్చు. పాప పొడవుగా ఉంది వంటి స్థిరమైన గుణాలకు మాత్రం చేర్చరు. ఇక అతను బస్సు డ్రైవరు, ఆమె టీచరు వంటి వాక్యాల్లో 'స్టే' రానేరాదు. తెలుగులో లాగానే అక్కడ క్రియ లేకుండా రెండు నామవాచకాలను పక్కపక్కన పెట్టేస్తారు.

ఇప్పుడు పోర్చుగీసు చూద్దాం. ఆ భాషలో ఉండడం అనే అర్థానికి 'సేర్', 'ఎస్తార్' అని రెండు క్రియలున్నాయి. వస్తువు ప్రస్తుతం ఎక్కడుందో చెప్పడానికి, పని జరుగుతూ ఉందని చెప్పడానికి, తాత్కాలిక స్థితికి 'ఎస్తార్' వాడతారు. స్థిరమైన గుణానికి, అతను ఫలానా వృత్తివాడు అనడానికి 'సేర్' వాడతారు. అంటే క్రియోల్‌లో 'స్టే' వచ్చే చోట్లు దాదాపుగా 'ఎస్తార్' చోట్లే, అది రాని చోట్లు 'సేర్' చోట్లే. పైగా 'ఎస్తా' అన్న రూపంలో మొదటి అచ్చు మామూలు సంభాషణలో తరచుగా జారిపోతుంది. మిగిలిన శబ్దం ఇంగ్లీషు 'స్టే'కు దగ్గరగానే ఉంటుంది. ఇంగ్లీషు పదం రూపాన్నీ, నిలిచి ఉండడం అన్న అర్థపు మొదలునూ ఇచ్చింది. పోర్చుగీసు దాని వాడుక హద్దులు గీసింది.

ఈ పోలికకు బికర్టన్ పక్షం వారి దగ్గర సమాధానం లేకపోలేదు. ఒకచోట ఉండడం అనే అర్థమున్న క్రియ క్రమంగా పని జరుగుతూ ఉందని తెలిపే గుర్తుగా మారడం ప్రపంచంలో ఎన్నో భాషల్లో, ఎవరి ప్రభావమూ లేకుండానే, జరిగింది. తినుచు ఉన్నాడు అన్నది తింటున్నాడు అయిన తెలుగువారికి ఇది కొత్త కాదు. కాబట్టి స్థానం, నిరంతరత రెండూ ఒకే పదంలో కలవడం మాత్రమే పోర్చుగీసు ప్రభావానికి రుజువు కాదు. ఇదే జాగ్రత్త 'గెట్' విషయంలోనూ కావాలి. ఉనికికీ, స్వాధీనానికీ ఒకే క్రియ వాడడం కాంటొనీస్‌లో ఉంది నిజమే కానీ, అది ఎన్నో భాషల్లో ఉంది. ఊళ్లో చెరువు ఉంది, అతనికి పొలం ఉంది అనే తెలుగులోనూ దాని ఛాయ ఉంది. ఇంత సామాన్యమైన లక్షణం ఎక్కడి నుంచి వచ్చిందని నిర్ధారించడం కష్టం.

కానీ తాత్కాలిక గుణానికి 'స్టే' చేర్చి, స్థిర గుణానికి చేర్చకపోవడం అంత సామాన్యమైనది కాదు. తేడా తేలేది ఇక్కడే. అర్థం లీలగా కలిస్తే అది సాక్ష్యం కాదు. ఎక్కడ వస్తుంది, ఎక్కడ రాదు అన్న హద్దులు కలిస్తే సాక్ష్యం బలపడుతుంది. మాతృభాషల ప్రభావాన్ని చూపాలనుకున్న పాత పండితులు చాలామంది ఈ క్రమశిక్షణ పాటించలేదు. ఒక లక్షణం పశ్చిమాఫ్రికాలో ఒక భాష నుంచి, పక్క లక్షణం వేల మైళ్ల దూరంలోని మరో భాష నుంచి ఏరుకుని క్రియోల్ వ్యాకరణాన్ని వివరించేవారు. నచ్చిన వంటకాన్ని నచ్చిన చోట నుంచి తీసి పళ్లెంలో పెట్టుకున్నట్టు ఉందని ఆ పద్ధతికి 'కెఫెటీరియా సూత్రం' అని ఎగతాళి పేరు వచ్చింది. బికర్టన్ దానిని పదేపదే ప్రయోగించారు, న్యాయంగానే ప్రయోగించారు. ఒక భాష ప్రభావం చూపిందనాలంటే, ఆ భాష మాట్లాడేవారు సరైన సంఖ్యలో, సరైన చోట, సరైన సమయంలో ఉండాలి. ఆ లక్షణం అతుక్కోవడానికి పిడ్జిన్‌లో ఏదో ఒక పదం ముందే ఉండాలి. ఇంగ్లీషులో 'స్టే' లేకపోతే 'ఎస్తార్' పద్ధతికి నిలవడానికి చోటే ఉండేది కాదు.

సరైన సమయం అన్న షరతు హవాయిలో ఒక చిక్కుముడిని కూడా విప్పుతుంది. 1900 జనాభా లెక్కల్లో దీవుల మొత్తం జనాభా 1,54,001. అందులో 61,000 మందికి పైగా, అంటే ఇంచుమించు 40 శాతం, జపనీయులే. ఏ ఇతర జాతీ ఆ సంఖ్యకు దగ్గరలో లేదు. మాతృభాషల ప్రభావమే అసలు కారణమైతే క్రియోల్ వ్యాకరణంలో జపనీస్ ముద్ర అందరికన్నా ఎక్కువగా ఉండాలి. కానీ అది చాలా తక్కువ; పదాలు వచ్చాయి తప్ప వ్యాకరణం రాలేదు. బికర్టన్ దీన్ని ఒక బలమైన అభ్యంతరంగా చూపారు.

సమాధానం మొత్తం సంఖ్యలో లేదు, పిల్లల సంఖ్యలో ఉంది. జపనీయులు మొదట్లో ఎక్కువగా ఒంటరి మగవారుగా వచ్చారు. వారి పిల్లలు బడుల్లో పెద్ద సంఖ్యలో కనిపించడం తరువాతి మాట. పోర్చుగీసు వారు మాత్రం మొదటి నుంచీ భార్యాపిల్లలతో వచ్చారు. చైనీయులు ముందే వచ్చారు. వారిలో చాలామంది హవాయి స్త్రీలను పెళ్లాడారు. కాబట్టి 1890లలో ఇంగ్లీషు బడుల్లో, ఆటస్థలాల్లో హవాయి స్థానికుల పిల్లల పక్కన ఎక్కువగా ఉన్నవారు పోర్చుగీసు, చైనా కుటుంబాల పిల్లలు. తోటల్లో మేస్త్రీలుగా కూడా పోర్చుగీసు వారే ఎక్కువగా ఉండడం వల్ల వారి ఇంగ్లీషు తక్కిన కూలీలకు నమూనా అయింది. జపనీస్ పిల్లలు పెద్ద సంఖ్యలో వచ్చి చేరే నాటికి ఆ మాట తీరు చాలావరకు కుదురుకుంది. వారు దానిని మార్చలేదు, నేర్చుకున్నారు. ముందు వచ్చి స్థిరపడినవారి మాటే తరువాత వచ్చినవారికి గమ్యమవుతుందన్న ఈ సూత్రాన్ని సాలికోకో ముఫ్వెనె క్రియోల్ అధ్యయనంలో గట్టిగా ప్రతిపాదించారు. సంఖ్యాబలం కన్నా ముందు రావడమే ఎక్కువ పనిచేయవచ్చునన్న మాటకు హవాయి జపనీయుల కన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

అలాగని పిల్లల పాత్రను కొట్టివేసే వాదం కూడా నిలవదు. ఈ ప్రశ్నను హవాయి వెలుపల, పాపువా న్యూగినీలో, మరో విధంగా పరీక్షించిన ఉదాహరణ ఒకటుంది. అక్కడి టోక్ పిసిన్ తరతరాలుగా పెద్దల రెండో భాషగానే నడిచింది. మాతృభాషగా నేర్చుకున్న పిల్లలు తరువాత వచ్చారు. అయినా అది అప్పటికే గొప్ప వ్యాకరణం పెంచుకుంది. మనం, మేము అన్న తేడాను ఇంగ్లీషు చూపదు. టోక్ పిసిన్‌లో 'యుమి' అంటే మనం, 'మిపెలా' అంటే మేము. పదాలు ఇంగ్లీషువే, తేడా మాత్రం ఆ ప్రాంతపు ఓషియానిక్ భాషలది. దీనిని పెద్దలే కట్టారు, పిల్లల కోసం ఆగలేదు. గిలియన్ శాంకాఫ్, సుజాన్ లాబెర్జ్ 1973లో భవిష్యత్తును తెలిపే 'బై' గుర్తును పరిశీలించారు. ఇది వాక్యం మొదట్లో వచ్చే 'బైంబై' అన్న పెద్ద మాట నుంచి అరిగి, క్రియకు ముందుకు జరిగి, చిన్న గుర్తుగా మారింది. ఆ మార్పు పెద్దల మాటల్లోనే చాలావరకు జరిగిపోయింది. పిల్లలు కొత్త గుర్తును సృష్టించలేదు. ఉన్నదాన్ని మరింత వేగంగా, మరింత కుదించి, ఒత్తు లేకుండా పలికారు.

పిల్లలకూ పెద్దలకూ తేడా ఎక్కడుందో చూపడానికి ప్రయోగశాల సాక్ష్యం కూడా ఉంది. కార్లా హడ్సన్ కామ్, ఎలిస్సా న్యూపోర్ట్ 2005లో ప్రచురించిన పరిశోధనలో, కల్పిత భాషలో ఒక చిన్న వ్యాకరణ గుర్తును ఒకసారి పెట్టి, ఒకసారి వదిలేసి, నియమం లేకుండా వినిపించారు. పెద్దలు తాము విన్న నిష్పత్తిలోనే దాన్ని వాడారు. పిల్లల్లో చాలామంది ఆ అనిశ్చితిని సహించలేక ఏదో ఒక నియమం పెట్టుకున్నారు. దీనిని హవాయికి అన్వయిస్తే ఒక సమంజసమైన చిత్రం వస్తుంది. రెండు భాషలు వచ్చిన మొదటి తరం వారు పోర్చుగీసు, కాంటొనీస్, హవాయి పద్ధతులను పిడ్జిన్‌లోకి తెచ్చి పోటీ రూపాలను కుప్పగా పోశారు; ఆ కుప్పలోంచి కొన్నింటిని ఎంచి, మినహాయింపులు తీసేసి, నియమంగా మార్చినది తరువాతి తరం పిల్లలు. ముడిసరుకు పెద్దలది, పొందిక పిల్లలది అన్న ఈ విభజన ఇరుపక్షాల వాదాల్లోని మంచిని నిలుపుతుంది. కానీ పిల్లలు శూన్యం నుంచి వ్యాకరణం సృష్టించారన్న మాటను మాత్రం నిలపదు.

ఇదే వివరణ ప్రతి క్రియోల్‌కూ సరిపోతుందనుకోవడం పొరపాటు. కరీబియన్ చక్కెర దీవుల్లో పరిస్థితి వేరు. జాన్ సింగ్లర్ చూపినట్టు అక్కడ మరణాలు జననాలను మించిపోయాయి. జనాభా నిలిచిందల్లా ఆఫ్రికా నుంచి కొత్తగా తెచ్చిన బానిసల వల్లనే. కీలకమైన దశాబ్దాలలో పిల్లలే తక్కువైన చోట, భాషను కట్టినవారు పిల్లలనడం కష్టం. హైతీ విషయంలో క్లేర్ లెఫెబ్వ్ర్ 1998లో మరీ దూరం వెళ్లి, పశ్చిమాఫ్రికాకు చెందిన ఫాన్ భాష వ్యాకరణానికి ఫ్రెంచి శబ్దాలు తొడిగితే హైతీ క్రియోల్ అవుతుందన్నంత గట్టిగా వాదించారు. ఫ్రెంచి వలసదారుల వాడుక మాటలోనే ఆ రూపాలకు మూలాలున్నాయని రోబెర్ శోదెన్సన్ వాదించారు. క్రియోల్ భాషలు వ్యాకరణ స్వభావంలోనే మిగతా భాషలకన్నా భిన్నమైన జాతి అన్న జాన్ మెక్‌వోర్టర్ అభిప్రాయానికీ, అలాంటి ప్రత్యేకతను అంటగట్టడం వలసపాలన నాటి చిన్నచూపుకు కొనసాగింపేనన్న మిషెల్ డిగ్రాఫ్ అభిప్రాయానికీ మధ్య వాదం కూడా ఇక్కడే పుట్టింది. ఆ గొడవలో డిగ్రాఫ్ చెప్పిన ఒక మాట హవాయి ఆధారాలకు సరిగ్గా కలుస్తుంది: భాషల కలయిక, రెండో భాష నేర్చుకోవడం, పిల్లలు నియమాలు కట్టడం అన్నవి ఏ భాష చరిత్రలోనైనా పనిచేసే శక్తులే. క్రియోల్‌లో అవి తక్కువ కాలంలో, ఎక్కువ ఒత్తిడితో పనిచేశాయి, అంతే.

హవాయి క్రియోల్ తరువాతి చరిత్ర కూడా ఈ మాటనే బలపరుస్తుంది. జరిగిన కాలానికి గుర్తుగా బికర్టన్ చూపిన 'బిన్' ఇప్పుడు వృద్ధుల మాటల్లో తప్ప పెద్దగా వినబడదు. దాని చోటును ఇంగ్లీషు 'వెంట్' నుంచి అరిగి వచ్చిన 'వెన్' ఆక్రమించింది. ఈ మార్పు జరిగే నాటికి దీవుల్లో అందరికీ పూర్తి మాతృభాష ఉంది, ఎవరూ అరకొర పిడ్జిన్ మధ్య పెరగలేదు. అయినా వ్యాకరణంలో అత్యంత కీలకమైన కాలపు గుర్తు రెండు మూడు తరాల్లో మారిపోయింది. అంతేకాదు, ఈ 'వెన్' మామూలు భూతకాలాన్నే తెలుపుతుంది. బయోప్రోగ్రామ్ ఆశించినట్టు మరో సంఘటనకన్నా ముందు జరిగినదాన్ని ప్రత్యేకించి తెలిపే గుర్తుగా అది పనిచేయదు.